పన్నెండున్నర గంటల అవతల లీవ్ అప్రూవల్

హైదరాబాద్‌లో టీమ్, కాలిఫోర్నియాలో మేనేజర్ ఉన్నచోట లీవ్ అడగడం తెలుగు రాష్ట్రాల్లో వేలమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు మామూలు సంగతే. అయినా ఆ లీవ్ చాలాసార్లు చివరి నిమిషం దాకా తేలదు. బస్సు టికెట్ బుక్ చేయాలా వద్దా అని ఇంట్లో అడుగుతుంటారు, సిస్టంలో మాత్రం ‘పెండింగ్’ అనే ఉంటుంది. దీనికి మేనేజర్ మనసు కారణం కావడం తక్కువ. రెండు ఊళ్ల పనివేళలు ఒకదాన్నొకటి దాదాపు తాకకపోవడమే అసలు కారణం. కాబట్టి ముందుగా ఆ గంటల లెక్క తెలియాలి.

భారతదేశమంతటికీ ఒకే సమయం, అది ఏడాది పొడవునా మారదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తాయి. అందువల్ల వేసవి సమయం నడిచే నెలల్లో కాలిఫోర్నియా మనకంటే 12 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది, మిగతా నెలల్లో 13 గంటల 30 నిమిషాలు వెనక. న్యూయార్క్ వైపు ఈ తేడా తొమ్మిదిన్నర, పదిన్నర గంటలు. అక్కడి మేనేజర్ ఉదయం కాఫీ వేళ ఇక్కడి సాయంత్రానికి కలుస్తుంది గనుక కొంత ఊపిరాడుతుంది. కాలిఫోర్నియా విషయంలో ఆ వెసులుబాటు బాగా తక్కువ.

అక్కడ మేనేజర్ ఉదయం తొమ్మిదికి పనిలో కూర్చునేసరికి హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. ఆయన సాయంత్రం ఐదుకు లేచేసరికి ఇక్కడ తెల్లవారుజాము. అంటే మేనేజర్ పనిదినమంతా మన రాత్రిలోనే గడిచిపోతుంది. ఇక్కడ పగలు పెట్టిన అర్జీకి జవాబు ఎంత త్వరగా వచ్చినా, అది కంటబడేది మర్నాడు ఉదయమే. ఆ జవాబు ‘సరే’ అయితే ఒక రోజుతో పని అయిపోయింది. అది ఒక ప్రశ్న అయితే ఇంకో రోజు. ఆ ప్రశ్నకు చెప్పిన సమాధానంలో మరో సందేహం పుడితే మూడో రోజు. ఒకే గదిలో కూర్చున్నవారికి రెండు నిమిషాల్లో తేలే మాట ఇక్కడ మూడు రోజులు తింటుంది. లీవ్ ఆలస్యం కావడంలో పెద్ద వాటా ఈ ప్రశ్నలదే. కాబట్టి ప్రశ్న పుట్టకుండా అడగడం, రోజులను మేనేజర్ క్యాలెండర్‌లో లెక్కపెట్టడం అన్న రెండూ చేతనైతే సగానికి పైగా ఇబ్బంది తీరుతుంది.

వారాంతం ఈ లెక్కను ఇంకాస్త బిగిస్తుంది. కాలిఫోర్నియాలో శుక్రవారం సాయంత్రం ఐదు నుంచి సోమవారం ఉదయం తొమ్మిది దాకా 64 గంటలు. వేసవిలో అది మనకు శనివారం తెల్లవారుజాము ఐదున్నర నుంచి సోమవారం రాత్రి తొమ్మిదిన్నర దాకా. శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో పెట్టిన అర్జీ ఫరవాలేదు, అక్కడ ఇంకా శుక్రవారం తెల్లవారలేదు. శనివారం ఉదయం గుర్తొచ్చి పెట్టినది మాత్రం సోమవారం రాత్రికి గానీ కంటబడదు. ఇక్కడ సోమవారమంతా గడిచిపోయాక అక్కడ సోమవారం మొదలవుతుంది. సోమవారం లీవ్ కావాల్సినవారికి, సోమవారం రాత్రి బయల్దేరి మంగళవారం లీవ్‌లో ఉండాల్సినవారికి కూడా మేనేజర్ దగ్గర మిగిలిన చివరి పనిదినం ముందటి శుక్రవారమే. ఈ ఒక్క సంగతి పట్టుబడని కారణంగా ఆగిపోయిన లీవులు లెక్కలేనన్ని.

మూడు రోజుల లీవ్, ఒక పెళ్లి

ఒక ఉదాహరణను 2026 నవంబరు క్యాలెండర్ మీద పెట్టి చూడవచ్చు. హైదరాబాద్‌లో టెస్టింగ్ చేసే ఒక ఉద్యోగికి రాజమండ్రిలో మేనమామ కొడుకు పెళ్లి ఉంది. 19 గురువారం, 20 శుక్రవారం, 23 సోమవారం లీవ్ కావాలి. బుధవారం 18 రాత్రి తొమ్మిదికి బస్సు. మేనేజర్ శాన్ హోసేలో ఉంటాడు. నవంబరు కాబట్టి తేడా పదమూడున్నర గంటలు.

ఉద్యోగి 16 సోమవారం ఉదయం 11 గంటలకు సిస్టంలో అర్జీ పెట్టి, ‘కుటుంబంలో ఫంక్షన్, దయచేసి అప్రూవ్ చేయండి’ అని రాశాడనుకుంటే, అప్పుడు శాన్ హోసేలో ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. మేనేజర్ సోమవారం ఉదయం తొమ్మిదికి చూశాడు. ఇక్కడ సోమవారం రాత్రి పదిన్నర. ‘శుక్రవారం రిలీజ్ ఉంది కదా, టెస్టింగ్ ఎవరు చూస్తారు?’ అని అడిగాడు. ఉద్యోగి ఆ ప్రశ్నను మంగళవారం పొద్దున చూసి, తోటి ఉద్యోగి పేరు రాశాడు. అది మేనేజర్ కంటబడేసరికి మంగళవారం రాత్రి పదిన్నర. ఆ తోటి ఉద్యోగికి ఈ సంగతి తెలుసా, ఒప్పుకున్నాడా అని మేనేజర్ మళ్లీ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. బుధవారం ఉదయం ఇద్దరూ జవాబిచ్చారు. బుధవారం రాత్రి పదిన్నరకు అప్రూవల్ వచ్చింది. బస్సు బయల్దేరి అప్పటికి గంటన్నర.

ఇందులో తప్పు చేసినవారు ఎవరూ లేరు. మేనేజర్ ఏ ఒక్క రోజూ జాప్యం చేయలేదు, ప్రతిసారీ పనిలో కూర్చున్న వెంటనే బదులిచ్చాడు. ఉద్యోగి కూడా తెల్లవారగానే సమాధానం చెప్పాడు. అయినా మూడు రోజులు పోయాయి. ఇలాంటప్పుడు ‘మా మేనేజర్‌కు మా పండగలన్నా పెళ్లిళ్లన్నా లెక్కలేదు’ అన్న మాట టీమ్‌లో తేలిగ్గా వినిపిస్తుంది. ఆ మాట చాలాసార్లు అన్యాయం.

ఇదే లీవ్‌ను వెనక నుంచి లెక్కవేస్తే మరోలా ఉంటుంది. బస్సు బుధవారం రాత్రి. బుధవారం ఉదయానికి అప్రూవల్ చేతిలో ఉండాలంటే, మేనేజర్‌కు పనికొచ్చే చివరి రోజు అక్కడి మంగళవారం 17. ఒక ప్రశ్న వస్తుందనుకుని దానికి సోమవారం 16 వదిలేయాలి. మేనేజర్ ఒక రోజు మీటింగులతో మెయిల్ చూడకపోవచ్చు, దానికి శుక్రవారం 13. మొదటిసారి చదవడానికి గురువారం 12. అంటే ఇక్కడ గురువారం 12 సాయంత్రం ఆఫీసు వదిలేలోగా అర్జీ వెళ్లిపోవాలి. నాలుగు మేనేజర్ పనిదినాలు అన్నది ఈ దూరానికి కనీస గడువుగా పెట్టుకోవచ్చు. కంపెనీ లీవ్ పాలసీ అంతకంటే ఎక్కువ గడువు అడిగితే అదే పాటించాలి. తక్కువ అడిగినా ఈ నాలుగు రోజులు వదులుకోకపోవడం మంచిది, ఎందుకంటే పాలసీ రాసినవారు సాధారణంగా పైఅధికారి అదే ఊళ్లో ఉన్నాడనుకునే రాస్తారు.

ఇక అర్జీలో రాయాల్సిన మాటలు. మెయిల్ ఇంగ్లిషులోనే వెళ్తుంది, దాని సారం తెలుగులో ఇలా ఉంటుంది:

“నవంబరు 19 గురువారం, 20 శుక్రవారం, 23 సోమవారం, మొత్తం మూడు పనిదినాలు నాకు లీవ్ కావాలి. దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్లి. 24 మంగళవారం ఉదయం మా సమయానికి మళ్లీ పనిలో ఉంటాను. 20న రిలీజయ్యే బిల్డ్‌కు నా వంతు టెస్టింగ్ 18 నాటికి పూర్తవుతుంది. రిలీజ్ రోజు వచ్చే సమస్యలు టీమ్‌లోని నా సహోద్యోగి చూస్తారు. ఆయన ఒప్పుకున్నారు, ఈ మెయిల్‌లో ఆయన్నీ చేర్చాను. సిస్టంలో అర్జీ పెట్టాను, లీవ్ బ్యాలెన్స్ సరిపోతుంది. మీ సమయం ప్రకారం 16 సోమవారం సాయంత్రంలోగా తెలిస్తే టికెట్లు తీసుకుంటాను.”

ఇందులో ప్రతి వాక్యమూ రాబోయే ఒక ప్రశ్నకు ముందే చెప్పిన జవాబు. ఎన్ని రోజులు, శని ఆదివారాలు కలిపా విడిచా, ఎప్పుడు తిరిగొస్తారు, రిలీజ్ సంగతేమిటి, బదులు ఎవరు, వాళ్లకు తెలుసా, ఎప్పటికల్లా చెప్పాలి. చదివిన మేనేజర్ ఇక రాయాల్సింది ‘సరే’ అన్న ఒక్క మాట, లేదా సిస్టంలో ఒక బటన్ నొక్కడం. కారణం రెండు ముక్కల్లో చాలు. పెళ్లి ఎవరిది, తాను వెళ్లకపోతే ఇంట్లో ఏమనుకుంటారు అన్న వివరణ మేనేజర్ నిర్ణయానికి పనికిరాదు, మెయిల్‌ను మాత్రం పొడుగు చేస్తుంది. పొడుగు మెయిల్ ‘తర్వాత చూద్దాం’ జాబితాలోకి పోతుంది.

గడువు తేదీ రాయడం కొందరికి మొరటుగా అనిపిస్తుంది, పైవారికి గడువు పెట్టడమేమిటని. నిజానికి అది మేనేజర్‌కు చేసే సాయం. పొద్దున్నే ఆయన ముందు పదుల కొద్దీ మెయిళ్లుంటాయి, ఏది ఆగుతుందో ఏది ఆగదో చెప్పేది ఆ తేదీ ఒక్కటే. దాన్ని ఆయన ఊరి సమయంలో రాయాలన్నది మాత్రం మరవకూడదు. ‘బుధవారం ఉదయంలోగా’ అని మన లెక్కలో రాస్తే, ఆయన తన బుధవారం ఉదయం అనుకుంటాడు. అప్పటికి మనకు బుధవారం రాత్రి.

తేదీ రాసే పద్ధతిలో ఇంకో ఉచ్చు ఉంది. 10/11 అని రాస్తే మనకు అది నవంబరు పదో తేదీ. అమెరికాలో అక్టోబరు పదకొండు, ఎందుకంటే అక్కడ నెల ముందు రాస్తారు. 12 దాటిన తేదీల్లో ఈ తికమక ఉండదు. మొదటి పన్నెండు తేదీల్లోనే వస్తుంది, అదీ ఎవరికీ అనుమానం రాకుండా. నెల పేరును అక్షరాల్లో, పక్కన వారం పేరును రాస్తే తికమక పూర్తిగా పోతుంది. క్యాలెండర్‌లో లీవ్ గుర్తు పెట్టేటప్పుడూ ఇలాంటిదే జరుగుతుంది. ఔట్‌లుక్‌లో ఇక్కడి నుంచి ‘రోజంతా’ అని పెట్టిన లీవ్ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా మన సమయంలో నమోదవుతుంది. కాలిఫోర్నియాలో తెరిచినవారికి అది ముందురోజు పగలు మొదలై రెండు తేదీల మీద పరుచుకున్నట్టు కనబడవచ్చు. బుధవారం మీటింగుకు ఈ మనిషి ఉంటాడా ఉండడా అన్న అనుమానం అక్కడ పుడుతుంది. అర్జీలో తేదీలు మాటల్లో కూడా ఉంటే ఈ అనుమానం మెయిల్‌గా మారి ఇంకో రోజు తినదు.

సంక్రాంతి లీవ్ నవంబరులోనే

ఏడాది మొత్తంలో ఈ దూరం ఎక్కువగా బాధించేది సంక్రాంతి లీవ్ విషయంలో. పండగ జనవరి రెండో వారం చివర్లో వస్తుంది. హైదరాబాద్ నుంచి కోస్తా జిల్లాలకు వెళ్లే రైళ్లలో ఆ రోజుల టికెట్లు బుకింగ్ తెరిచిన కాసేపటికే అయిపోతాయి. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. కాబట్టి జనవరి 12, 13 ప్రయాణాలకు టికెట్లు నవంబరు మధ్యలో తెరుచుకుంటాయి.

అమెరికా ఆఫీసుల్లో సరిగ్గా అప్పటి నుంచే పని పలచబడుతుంది. నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. మర్నాడు శుక్రవారం కూడా చాలా కంపెనీలు సెలవిస్తాయి. కాలిఫోర్నియాలో ఆ బుధవారం సాయంత్రం ఐదుకు లేచిన మేనేజర్ మళ్లీ కూర్చునేది సోమవారం ఉదయం, మన లెక్కలో సోమవారం రాత్రి పదిన్నర. మధ్యలో 112 గంటల మౌనం. డిసెంబరులో రెండు మూడు వారాలు పని ఉంటుంది, అదీ ఏడాది చివరి లక్ష్యాల ఒత్తిడిలో. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మళ్లీ ఎవరూ ఉండరు, కొన్ని కంపెనీలు ఆ వారమంతా మూసే ఉంటాయి. జనవరి మొదటి వారంలో మేనేజర్ తిరిగొచ్చి పేరుకుపోయిన మెయిళ్లు తెరిచేసరికి, మన ఉద్యోగికి పండగ ఎనిమిది రోజుల దూరంలో ఉంటుంది.

పైగా ఆ మేనేజర్ మనసులో ఒక అపోహ ఉండే అవకాశముంది. డిసెంబరు చివర్లో అందరూ వారం పది రోజులు ఆగారు కదా, జనవరిలో వీళ్లకు మళ్లీ వారం ఎందుకన్నది ఆ అపోహ. హైదరాబాద్ ఆఫీసుల్లో చాలావాటికి క్రిస్మస్ ఒక్క రోజే సెలవని, ఆ వారంలో ఇక్కడి టీమ్ పనిచేస్తూనే ఉందని ఆయనకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. ఆ విషయం అర్జీలో ఒక్క వాక్యంలో చెబితే చాలు. సంక్రాంతి లీవ్‌ను టీమ్ మొత్తం కలిసి, ఎవరెవరు ఏ రోజులు వెళ్తారో తమలో తాము సర్దుకుని, ఒకే పట్టికగా నవంబరు మొదటి పదిహేను రోజుల్లో పంపడం అన్నింటికంటే మేలైన పద్ధతి. ఎనిమిది మంది ఎనిమిది అర్జీలు పంపితే మేనేజర్ ఎనిమిది నిర్ణయాలు చేయాలి. చివర్లో అడిగినవారికి ‘అందరూ వెళ్తే ఎలా’ అన్న జవాబు వస్తుంది. పట్టికలో ప్రతి రోజూ ఎవరో ఒకరు ఉన్నారని కనబడితే ఆ ప్రశ్నే రాదు.

దీనికి ఒక చిన్న ఆటంకం ఉంది. లీవుల లెక్క జనవరిలో మొదలయ్యే కంపెనీల్లో వచ్చే ఏడాది లీవులు జనవరి 1 దాకా ఖాతాలో పడవు. నవంబరులో అర్జీ పెడితే ‘బ్యాలెన్స్ చాలదు’ అని కొన్ని సిస్టంలు తిప్పికొడతాయి. అలాంటప్పుడు మెయిల్ మీదే ఒప్పుకోలు తీసుకుని, జనవరి 1న సిస్టంలో అర్జీ పెట్టి, ఆ పాత మెయిల్‌ను జతచేయాలి. సిస్టంలో బటన్ నొక్కడం ఆలస్యమైనా ఆ మెయిల్ చేతిలో ఉంటుంది.

పెండింగ్ ఎక్కడ ఉందో చూడటం

నాలుగు రోజులు గడిచినా కదలకపోతే, గుర్తుచేసే ముందు ఒకసారి ఆ అర్జీ ఎవరి దగ్గర ఆగిందో చూడాలి. వర్క్‌డే, డార్విన్‌బాక్స్, కేకా లాంటి సిస్టంలలో అర్జీ తెరిస్తే అది ప్రస్తుతం ఎవరి పేరు మీద ఉందో కనబడుతుంది. చాలా జాప్యాలకు అసలు కారణం అక్కడే దొరుకుతుంది. టీమ్‌లు మారినప్పుడు కొత్త మేనేజర్ పేరు హెచ్‌ఆర్ రికార్డులోకి ఎక్కడానికి కొంతకాలం పడుతుంది. అర్జీ పాత మేనేజర్‌కు వెళ్తుంది, ఆయన ‘వీళ్లు నా టీమ్ కాదుగా’ అని వదిలేస్తాడు. కొత్త మేనేజర్‌కు అసలు విషయమే తెలియదు. ఇంకొన్నిచోట్ల రెండు అంచెల అప్రూవల్ ఉంటుంది. మొదటి వ్యక్తి ఒప్పుకున్నట్టు మెయిల్ వస్తుంది, ఉద్యోగి నిశ్చింతగా ఉంటాడు. రెండో వ్యక్తి దగ్గర అది ఆగిపోయిందని జీతం వచ్చినప్పుడు గానీ తెలియదు. మేనేజరే లీవ్‌లో ఉండి, తన బదులు అప్రూవల్ అధికారం ఎవరికీ అప్పగించకపోవడం మూడో కారణం. ఆయన మెయిల్ నుంచి వచ్చే ఆటోమేటిక్ జవాబు, లేదా ఆయన క్యాలెండర్ ఈ సంగతి చెబుతాయి.

ఇవేవీ కాకపోతే గుర్తుచేయవచ్చు. ఒక మేనేజర్ పనిదినం పూర్తిగా గడిచాక ఒకసారి, అదే మెయిల్‌కు జవాబుగా రాయాలి. కొత్త మెయిల్ మొదలుపెడితే పాత వివరాలన్నీ తెగిపోతాయి. మెయిల్ పంపే వేళ కూడా ముఖ్యమే. మన ఉదయం 11కు పంపితే అది అక్కడ రాత్రంతా వచ్చిన వాటి కింద పడిపోతుంది. మెయిల్ ప్రోగ్రాముల్లో పంపే సమయాన్ని ముందే నిర్ణయించే సదుపాయం ఉంది. అక్కడి ఉదయం ఎనిమిదిన్నరకు చేరేలా పెడితే, మేనేజర్ కూర్చునేసరికి అది జాబితాలో పైనే ఉంటుంది. మర్నాటికీ జవాబు లేకపోతే చాట్‌లో ఒక్క వాక్యం, లేదా రాత్రి స్టాండప్ కాల్ చివర్లో ఒక మాట. ఆ కాల్‌లో నోటితో ‘ఓకే’ అన్నా సరే, వెంటనే ‘ఇప్పుడు మీరన్నట్టు 19, 20, 23 లీవ్ తీసుకుంటున్నాను’ అని రాసి పెట్టుకోవాలి. నోటి మాట పేరోల్‌కు వినబడదు. అర్జీని రద్దు చేసి మళ్లీ పెట్టడం మాత్రం మంచిది కాదు, మొదట అడిగిన తేదీ దాంతో చెరిగిపోయే ప్రమాదముంది.

ఇంత చేసినా మౌనమే అయితే హైదరాబాద్‌లోని లీడ్‌ను, లేదా ఇక్కడి హెచ్‌ఆర్‌ను అడగాలి. అది మేనేజర్ మీద ఫిర్యాదు చేయడం కాదు. ‘గడువు దగ్గరపడింది, ఎవరు నిర్ణయించగలరు?’ అని అడగడమే. ఆ మెయిల్‌లో మేనేజర్‌ను కూడా చేర్చితే మనస్పర్థ రాదు. జవాబు లేకపోవడం అంగీకారమే అనుకుని వెళ్లిపోవడం ప్రమాదకరం. కొన్ని కంపెనీల పాలసీలో ఇన్ని రోజుల్లో నిర్ణయం రాకపోతే అర్జీ దానంతట అదే పైవారికి వెళ్తుందని గానీ, అప్రూవ్ అయినట్టేనని గానీ ఉంటుంది. అలా రాసి ఉంటేనే మౌనానికి ఆ అర్థం. రాసిలేని చోట అది అనుమతి లేని గైర్హాజరు కిందికి పోవచ్చు.

జ్వరానికి అప్రూవల్ ఉండదు

పైన చెప్పినదంతా ముందే తెలిసిన లీవ్ గురించి. సోమవారం ఉదయం ఆరు గంటలకు నూట మూడు జ్వరంతో లేచిన మనిషికి ఈ లెక్కలేవీ వర్తించవు. అప్పుడు కాలిఫోర్నియాలో ఆదివారం సాయంత్రం. మేనేజర్ పనిలోకి వచ్చేసరికి ఇక్కడ ఆ రోజే అయిపోతుంది. అనుమతి కోసం ఎదురుచూడటం ఇక్కడ అర్థం లేని పని. చేయాల్సింది తెలియజేయడం: మేనేజర్‌కు రెండు వాక్యాల సందేశం, ఇక్కడి లీడ్‌కు ఒక ఫోన్, వీలైనప్పుడు సిస్టంలో అర్జీ. ఆ రోజు తన చేతిలో ఉన్న అత్యవసరమైన పని ఏమిటో ఒక్క మాట చెబితే లీడ్ దాన్ని సర్దుతాడు. ఇంట్లో మరణం సంభవించినప్పుడు అదీ అక్కర్లేదు, లీడ్‌కు ఇంట్లోవారిలో ఎవరు ఫోన్ చేసినా చాలు. ‘అప్రూవల్ రాలేదు’ అనుకుంటూ అలాంటి రోజున లాప్‌టాప్ ముందు కూర్చున్నవారు ఉన్నారు. ఏ పాలసీ వారిని అలా కూర్చోమనలేదు.

చట్టం కూడా ఈ తేడాను ఎప్పటి నుంచో గుర్తించింది. కర్మాగారాల కోసం చేసిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మామూలు లీవ్‌కు పదిహేను రోజుల ముందు అర్జీ పెట్టమంది. అదే సెక్షన్‌లో, జబ్బు చేసినప్పుడు ఆ గడువు దాటినా లీవ్ ఇవ్వాలని కూడా రాసింది. ఆఫీసు ఉద్యోగులకు సంబంధించినది 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం. విభజన తర్వాత తెలంగాణలోనూ అదే కొనసాగింది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి తర్వాతి ఏడాదిలో 15 రోజుల వేతన సెలవు, దానికి తోడు 12 రోజుల దాకా జబ్బు సెలవు, 12 రోజుల దాకా క్యాజువల్ లీవ్ అని ఆ చట్టం చెబుతుంది.

అమెరికా మేనేజర్‌కు ఈ విభాగాలు కొత్తగా ఉంటాయి. అక్కడి ఫెడరల్ చట్టం ప్రైవేటు కంపెనీలు వేతనంతో సెలవు ఇచ్చి తీరాలని ఎక్కడా అనలేదు. అది కంపెనీకీ ఉద్యోగికీ మధ్య ఒప్పందం. చాలాచోట్ల విహారానికీ సొంత పనులకూ, కొన్నిచోట్ల జబ్బుకూ కలిపి ఒకే ఖాతా ఉంటుంది. క్యాజువల్ లీవ్ వేరు, ఎర్న్‌డ్ లీవ్ వేరు, జబ్బు సెలవు వేరు అని సిస్టంలో మూడు రకాల అర్జీలు కనబడితే ఆయన దేన్ని నొక్కాలో తెలియక ఆగిపోవచ్చు. కొత్తగా వచ్చిన మేనేజర్‌కు ఇక్కడి లీవ్ రకాలు, ఆఫీసు సెలవుల జాబితా ఒక పేజీలో పంపడం హైదరాబాద్ లీడ్ మొదటి వారంలోనే చేయాల్సిన పని.

మేనేజర్లు చేయగలిగినదీ ఉంది, అది ఉద్యోగి చేయగలిగిన దానికంటే ఎక్కువ. రెండు రోజుల లోపు లీవులను హైదరాబాద్ లీడ్ తనే అప్రూవ్ చేసేలా అధికారం అప్పగిస్తే, చిన్న లీవుల్లో చాలావరకు రాత్రి దాటి వెళ్లనక్కర్లేదు. తను లీవ్‌లో ఉన్నప్పుడు అప్రూవల్ అధికారం ఎవరిదో సిస్టంలో ముందే నమోదు చేయవచ్చు. పొద్దున్నే మిగతా మెయిళ్లకంటే ముందు లీవ్ అర్జీలు చూడవచ్చు, దానికి పట్టేది నిమిషాలే. ప్రశ్న అడగక తప్పనప్పుడు ‘దీనికి ఇలా జవాబైతే అప్రూవ్ అయినట్టే’ అని అదే మెయిల్‌లో రాస్తే ఒక రోజు మిగులుతుంది. ఈ ఏర్పాట్లు ఒక్కటీ చేయకుండా టీమ్‌ను మాత్రం ‘ముందే ఎందుకు అడగలేదు’ అని అడిగే మేనేజర్‌కు ఆ మాట అనే హక్కు లేదు.

చివరగా జీతం సంగతి. చాలా కంపెనీల్లో హాజరు లెక్క నెలాఖరుకు ముందే ఒక తేదీన మూసేస్తారు. ఆ తేదీకి అప్రూవ్ కాని లీవ్ ‘లాస్ ఆఫ్ పే’గా మారి, అన్ని రోజుల జీతం కోతపడుతుంది. మేనేజర్ ఆ తర్వాత బటన్ నొక్కినా ఆ నెల జీతం మారదు, అది తర్వాతి నెల బకాయిగా రావాలి. కొన్నిచోట్ల దానంతట అదే వస్తుంది, కొన్నిచోట్ల అడిగితేనే వస్తుంది. కాబట్టి లీవ్ నుంచి తిరిగొచ్చిన రోజే సిస్టంలో అర్జీ స్థితి చూసుకోవాలి. పెండింగ్‌లో ఉంటే మేనేజర్ ఒప్పుకున్న మెయిల్‌ను జతచేసి, హాజరు మూసే తేదీకి ముందే పేరోల్ విభాగానికి పంపాలి. అప్పటికే కోత పడి ఉంటే ఆ పేస్లిప్, ఆ మెయిల్ రెండూ కలిపి తర్వాతి నెల లెక్క మూసేలోగా అందజేయాలి.